"100 శాతం ప్యూర్" టీ ట్రీ ఆయిల్ కొంటున్నారా? ముందు నాకు జరిగింది చదవండి

మొటిమలకని ఆన్‌లైన్‌లో ఒక సెట్ తెప్పించుకున్నాను. చిన్న సీసాలో టీ ట్రీ ఆయిల్, ఒక సల్ఫర్ సబ్బు, జింక్ మాత్రలు. పేజీ నిండా "నేచురల్, పరిశోధనల్లో రుజువైంది" అని రాసుంది. ఆ మాట పచ్చి అబద్ధమేమీ కాదు. కాకపోతే రుజువైన వస్తువు వేరు, నా చేతికొచ్చింది వేరు.

రోజూ రాత్రి దూదితో ఆ నూనెను నేరుగా మొటిమల మీద అద్దుకునేదాన్ని. మొదటి రెండు వారాలు కొద్దిగా మంట, పొడిబారడం, అంతే. మంటగా ఉందంటే పని చేస్తున్నట్టే అనుకున్నాను, నా తెలివి అలా ఏడిసింది! మూడో వారంలో దురద మొదలైంది. రెండు రోజుల్లో చెంపలు ఎర్రగా కంది, సన్నటి నీటిపొక్కులు లేచి రసి కారడం మొదలైంది. నూనె తగలని కనురెప్పలు కూడా వాచాయి. అమ్మినవాళ్ళకు ఫొటోలు పంపితే "లోపలి మలినాలు బయటికొస్తున్నాయి, ఆపకండి" అని జవాబిచ్చారు. ఈ పోస్టు రాస్తున్నది ముఖ్యంగా ఆ జవాబు గురించే. అది విని ఇంకో మూడు రోజులు రాశాను.

స్కిన్ డాక్టర్ చూడగానే ఇది అలర్జీలా ఉందన్నారు, తర్వాత అనుమానమున్న పదార్థాలను వీపు మీద అంటించి చూసే ప్యాచ్ టెస్టులో అదే తేలింది. ఉత్త మంటకూ అలర్జీకీ తేడా ఆవిడే చెప్పారు. మంట అయితే రాసిన చోటే, రాసిన కాసేపటికే వస్తుంది, ఆపితే తగ్గుతుంది. అలర్జీ అలా కాదు. కొన్నాళ్ళు ఊరుకుని తర్వాత బయటపడుతుంది, రాసిన ఒకటి రెండు రోజులకు దురదతో మొదలై పక్కలకు పాకుతుంది. ఒకసారి పట్టుకుంటే ఆ తర్వాత కొద్ది మోతాదు తగిలినా తిరగబెడుతుంది.

మరి రుజువైంది ఏమిటంటే, 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద ఒక పరీక్ష చేశారు. ఒక గుంపుకి 5 శాతం టీ ట్రీ జెల్, ఇంకో గుంపుకి మొటిమలకు మామూలుగా వాడే పూత మందు బెంజాయిల్ పెరాక్సైడ్ 5 శాతంది ఇచ్చారు. రెండింటితోనూ మొటిమలు తగ్గాయి. టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది కానీ ఇబ్బందులు తక్కువ. 2007లో ఇరాన్‌లో 60 మందికి 45 రోజులు 5 శాతం జెల్ వాడించి చూస్తే, మందు లేని జెల్ కంటే మెరుగ్గానే ఉంది. ఇవి చిన్న పరీక్షలే అయినా తీసిపారేయలేం. కానీ రెండిట్లోనూ వాడింది 5 శాతం జెల్. నేను పూసుకున్నది దానికి 20 రెట్ల ఘాటు. సీసా మీద "ప్యూర్" అని గొప్పగా వేసుకున్నదే నాకు కీడైంది.

ఇంకో సంగతి. నా సీసా తెల్ల గాజుది, పెట్టింది కిటికీ పక్కన. గాలి, వెలుతురు తగిలితే ఈ నూనె ఆక్సీకరణ చెందుతుంది. అప్పుడు పుట్టే పదార్థాలే ఎక్కువగా అలర్జీ తెస్తాయట. ముదురు రంగు సీసాలో అమ్మేది అందుకే. వాసన మారి ఘాటుగా, టర్పెంటైన్‌లా కొడుతుంటే ఆ సీసా పారేయండి. వాసన మారలేదు కదా అని ధీమాగా ఉండటానికీ లేదు, కాబట్టి మూత తీసిన తేదీ రాసిపెట్టుకోండి.

సబ్బు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మొటిమల మందుగా సల్ఫర్‌ను 3 నుంచి 10 శాతం వరకు డాక్టర్ చీటీ లేకుండా అమ్ముకోవడానికి అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ ఒప్పుకుంటుంది. దాని వెనకున్న పరీక్షలు మాత్రం పాతవి, తక్కువ. నా సబ్బు మీద అసలు శాతమే లేదు.

జింక్ మాత్రల దగ్గర లెక్క చూడండి. డబ్బా మీద "జింక్ సల్ఫేట్ 220 మిల్లీగ్రాములు" అని ఉంది. మామూలుగా దొరికే ఆ రకంలో అసలు జింక్ సుమారు 50 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకు రోజుకి 40 దాటకూడదన్నది అమెరికాలో పెట్టిన హద్దు. డాక్టర్ చెప్పకుండా నెలల తరబడి ఎక్కువ మోతాదు మింగితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. పరగడుపున వేసుకుంటే నాకు ప్రతిసారీ వికారమే. ఫలితం సంగతికొస్తే, 2001లో 332 మంది మీద చేసిన పరీక్షలో 30 మిల్లీగ్రాముల జింక్‌తో బాగా తగ్గినవాళ్ళు 31 శాతం, మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో 63 శాతం. ఇందులో ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన గుంపు లేదు, కాబట్టి ఆ 31లో జింక్ వాటా ఎంతో దీన్నిబట్టి చెప్పలేం.

ఇదంతా తెలిశాక కూడా టీ ట్రీ వాడాలనుకుంటే శాతం రాసున్న 5 శాతం జెల్ కొనండి. ముఖానికి ముందు మోచేతి లోపలి వైపు ఒకే చోట రోజుకి రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడండి. దురద వస్తే అక్కడితో ఆపేయండి, అమ్మేవాళ్ళు ఏం చెప్పినా సరే. నాకిప్పుడు షాంపూ కొన్నా, నోరు పుక్కిలించే మందు కొన్నా లేబుల్ మీద టీ ట్రీకి శాస్త్రీయ నామమైన "మెలలూకా" అనే పేరుందేమో వెతుక్కోవడమే పని.