గుడ్, వెల్: ‘మంచి’, ‘బాగా’ల లెక్క

బెంగళూరు మారతహళ్లిలో ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్న మా తమ్ముడు తన స్నేహితురాలి గురించి ‘షీ స్పీక్స్ గుడ్’ అన్నాడు. ‘మంచి ఇంగ్లీషు మాట్లాడుతుంది’ అన్నప్పుడు ‘మంచి’ ఇంగ్లీషు అనే నామవాచకాన్ని వర్ణిస్తుంది కనుక ‘షీ స్పీక్స్ గుడ్ ఇంగ్లీష్’ సరైనదే. ‘బాగా మాట్లాడుతుంది’ అన్నప్పుడు వర్ణన క్రియకు చెందుతుంది కనుక ‘షీ స్పీక్స్ వెల్’ అనాలి. ‘రన్స్ క్విక్’ బదులు ‘రన్స్ క్విక్లీ’ అనడానికీ కారణం ఇదే, అయితే ‘ఫాస్ట్’ మాత్రం రెండుచోట్లా మారదు.

అసలు చిక్కు మన ‘గా’ ప్రత్యయంతోనే వస్తుంది. ‘వేగంగా పరుగెత్తింది’లో అది క్రియావిశేషణం, కానీ ‘అందంగా ఉంది’లో అది కర్తనే వర్ణిస్తుంది, ఈ తేడా గమనించకపోతే ‘షీ లుక్స్ బ్యూటిఫుల్లీ’ అనే తప్పు దొర్లుతుంది. లుక్, స్మెల్, టేస్ట్ వంటి క్రియలు కర్త స్థితిని చెప్పేటప్పుడు వాటి స్థానంలో ‘ఈజ్’ పెట్టి చూస్తే చాలు: ‘ది సాంబార్ ఈజ్ గుడ్’ అర్థవంతంగా ఉంది కనుక ‘ది సాంబార్ స్మెల్స్ గుడ్’ అనాలి.

‘ఐ యామ్ వెల్’లో మాత్రం వెల్ విశేషణమే, దాని అర్థం ఆరోగ్యంగా ఉన్నానని. ‘ఐ యామ్ గుడ్’ మాటల్లో చెల్లుతుంది, కానీ లాంఛనమైన ఉత్తరంలో నేనైతే రాయను.