గానుగ నూనెతో, రిఫైన్డ్ నూనెతో నాలుగేళ్ల పిండివంటలు: నా అనుభవం

మా ఇంట్లో నెలకు రెండుసార్లయినా బాణలి పొయ్యి మీదికి ఎక్కుతుంది. నాలుగేళ్లలో గానుగ వేరుశనగ నూనె, రిఫైన్డ్ వేరుశనగ నూనె, రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె ఈ మూడింటితోనూ జంతికలు, గారెలు, బూరెలు వేయించి చూశాను. రెండో ఏడాది నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వరకు చూపే పుల్లలాంటి థర్మామీటరు కూడా వాడుతున్నాను. దాని కొనను బాణలి అడుగుకు తగలనీయకుండా నూనె మధ్యలో ఉంచాలి, లేకపోతే లోహపు వేడిని చూపిస్తుంది.

థర్మామీటరు కొనడానికి కారణం ఒక సంక్రాంతి. "సన్నగా పొగ లేచాక పిండి వేయాలమ్మా" అన్నది మా అత్తగారి పద్ధతి. ఆ ఏడు మొదటిసారి రిఫైన్డ్ నూనె పోసి, ఆవిడ చెప్పినట్టే పొగ కోసం ఎదురు చూశాను. ఎంతకీ రాలేదు, చివరికి వచ్చాక మొదటి వాయి వేస్తే జంతికలు నిమిషంలోపే పైన ముదురు గోధుమ రంగుకు తిరిగి, లోపల మెత్తగా మిగిలాయి. నూనె మంచిది కాదేమో అనుకున్నాం గాని, తప్పు కొలతది. గానుగ నూనెలో వడపోతకు పోని సన్నని పదార్థాలు, కొవ్వు నుంచి విడివడిన ఆమ్లాలు ఉంటాయి కాబట్టి అది సుమారు 160 డిగ్రీలకే పొగ పట్టడం మొదలుపెడుతుంది. అంటే అత్తగారి కాలంలో పొగే ఆవిడకు థర్మామీటరు. శుద్ధిచేసిన వేరుశనగ నూనె సుమారు 230 దాకా పొగ ఇవ్వదు. వేయించడానికి కావలసింది 170 నుంచి 185 మాత్రమే, కాబట్టి దాని పొగ కోసం ఆగితే యాభై డిగ్రీలు దాటిపోయినట్టే.

ఈ లెక్క తెలిశాక గానుగ నూనెను ఎక్కువసేపు వేయించే వంటలకు వాడడం మానేశాను. గారెలకు దాని కమ్మదనం మరే నూనెకూ రాదన్నది నిజమే, దాన్ని వదులుకోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. కానీ గంటసేపు 175 దగ్గర ఉంచితే అది మొత్తం సమయం పొగ గీత మీదే ఉంటుంది. ఇప్పుడు అది పోపుకు, పచ్చడికి, ఆవకాయకు వెళుతోంది. పొద్దుతిరుగుడు నూనె కొత్తగా ఉన్నప్పుడు పొగ విషయంలో రిఫైన్డ్ వేరుశనగకు తీసిపోదు, అయితే వేడికి త్వరగా చెడే కొవ్వులు దానిలో ఎక్కువ, రెండోసారికే జిగట నురుగు కట్టింది. పొగ పట్టే వేడి ఒక్కటే చూసి నూనెను ఎంచుకోకూడదని అక్కడే నేర్చుకున్నాను. నా బాణలికి రిఫైన్డ్ వేరుశనగ నూనే నిలిచింది.

అదీ ఎల్లకాలం ఒకేలా ఉండదు. తడి, ఉప్పు, అడుగున మాడిన పిండి నలుసులు నూనెను విరగ్గొడతాయి. కొత్తగా ఉన్నప్పుడు 225 దాకా శుభ్రంగా ఉన్న నూనె, శనగపిండి వంటలు మూడుసార్లు వేయించేసరికి 200 లోపే పొగ పెట్టింది. అందుకే వాయికీ వాయికీ మధ్య నలుసులు తీసేస్తాను, చల్లారాక పలుచటి గుడ్డలో వడకడతాను. రంగు ముదిరి, నురుగు తగ్గకుండా నిలిచి, కమురు వాసన వస్తే పారబోయవలసిందే. కొత్త నూనె కలిపి దాన్ని బాగుచేయడం కుదరదు.

కళ్లు మండించే ఆ ఘాటుకు ప్రధాన కారణం, నూనెలోని గ్లిజరాల్ అతి వేడికి విరిగి పుట్టే అక్రోలిన్ అనే వాయువు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ప్రచురించిన నివేదికలో అధిక వేడి వద్ద వేయించేటప్పుడు వెలువడే పొగను మనుషులకు బహుశా క్యాన్సర్ కారకం అనే వర్గంలో పెట్టింది. కాబట్టి పొగ కనిపించగానే మంట తగ్గించడమే మొదటి పని, ఫ్యాను రెండోది.

ఆ ఫ్యాను విషయంలో రెండేళ్లు పొరపాటు చేశాను. ఎగ్జాస్ట్ ఫ్యాను పక్కనున్న కిటికీనే తెరిచేదాన్ని, బయటి గాలి అటు నుంచి వచ్చి అటే పోయేది, పొయ్యి దగ్గర పొగ అలాగే నిలిచేది. ఆ కిటికీ మూసి, ఎదురుగా ఉన్న తలుపు తెరిస్తే గాలి పొయ్యి మీదుగా నడిచింది, మంట రెపరెపలాడనంత మెల్లగా. తర్వాత పెట్టించిన చిమ్నీ, గొట్టం ద్వారా పొగను బయటికి పంపే రకం. దాని కింద వెనుక బర్నరు మీద వేయిస్తే ముందు బర్నరు కన్నా పొగ బాగా అందుతుంది. వేయించడం మొదలుపెట్టకముందే వేసి, పొయ్యి ఆర్పాక పది నిమిషాలు నడవనిస్తాను. జిడ్డు పట్టిన దాని జాలీని నెలకోసారి వేడి సబ్బునీళ్లలో కడగకపోతే చప్పుడు పెరుగుతుంది గాని లాగుడు తగ్గుతుంది, ఇది మాత్రం నాకు ఇంకా విసుగే.