జర్మన్ క్రియల్లో ‘నొక్కు’ సూత్రం: ఆరేళ్లు వాడాక

ముందున్న ఉపసర్గను నొక్కి పలికితే అది విడిపోతుంది, వెనకున్న క్రియను నొక్కితే అంటుకునే ఉంటుంది. క్లాసులో మొదట్లోనే చెప్పారు. రాసుకుని మర్చిపోయాను. తెలుగులో నొక్కు మారినా మాట అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. బె, ఎర్, ఎంట్, ఫెర్, త్సెర్ విడిపోవని బట్టీపట్టి కొన్నాళ్లు నెట్టుకొచ్చాను.

దొరికిపోయింది ‘ఉంటర్’ దగ్గర. సైకిల్‌ని సెల్లార్‌లో పెట్టానని మా బిల్డింగు చూసుకునే పెద్దాయనకు చెప్పబోయి ‘ఉంటర్‌ష్టెల్ట్’ అన్నాను. ‘పాపం, సైకిల్ ఏం తప్పు చేసింది?’ అని నవ్వాడాయన.

ఉంటర్‌ష్టెలెన్ చూడ్డానికి ఒకటే, నిజానికి రెండు క్రియలు. ‘ఉం’ని నొక్కితే, నీడపట్టున పెట్టడం: ఇష్ ష్టెలె దాస్ ఫారాట్ ఉంటర్. ఉపసర్గ వాక్యం చివరికి పోయింది. భూతకాల రూపం ఉంటర్‌గెష్టెల్ట్, మధ్యలో ‘గె’. ‘ష్టె’ని నొక్కితే, లేని ఉద్దేశాన్ని ఒకరికి అంటగట్టడం: ఎర్ ఉంటర్‌ష్టెల్ట్ మియర్ దాస్. ఏదీ విడిపోలేదు. భూతకాల రూపం కూడా ఉంటర్‌ష్టెల్ట్, ‘గె’ లేదు. ఇంగ్లీషు ‘టు’ లాంటి ‘త్సు’దీ ఇదే కథ: మొదటిదానిలో నడుమ దూరి ఉంటర్‌త్సుష్టెలెన్, రెండోదానిలో బయటే నిలబడి త్సు ఉంటర్‌ష్టెలెన్.

‘గె లేకపోతే విడిపోని క్రియ’ అని తిరగేసి వాడితే మాత్రం బోల్తా పడతారు. నేను పడ్డాను. ఫోర్‌బెరైటెన్ (సిద్ధం చేయడం) విడిపోతుంది: ఇష్ బెరైటె ఫోర్. అయినా దాని రూపం ఫోర్‌బెరైటెట్. బట్టలు వేసుకుని చూసే ఆన్‌ప్రోబీరెన్ కూడా అంతే, ఆన్‌ప్రోబీర్ట్. కారణం తెలిశాకే నాకు ఈ సూత్రం మీద గురి కుదిరింది: ‘గె’ నొక్కి పలికే అక్షరం ముందే కూర్చుంటుంది. ఫోర్ తీసేస్తే మిగిలిన బెరైటెన్‌లో నొక్కు ‘రై’ మీద, ప్రోబీరెన్‌లో ‘బీ’ మీద. మొదటి అక్షరం మీద నొక్కు లేదు, కాబట్టి ‘గె’కి చోటు లేదు. చదువుకోవడం అనే అర్థమున్న ష్టుడీరెన్‌కి గె ఎందుకు రాదో కూడా దీంతోనే తేలిపోయింది.

సూత్రం చేతులెత్తేసేది మిస్‌ఫెర్‌ష్టేఎన్ (అపార్థం చేసుకోవడం) దగ్గర. నొక్కు ‘మిస్’ మీదే, కానీ విడిపోదు: ఇష్ మిస్‌ఫెర్‌ష్టేఎ. పైగా ‘త్సు’ వస్తే నడుమ దూరుతుంది, మిస్‌త్సుఫెర్‌ష్టేఎన్. దీన్ని బట్టీపట్టడమే.

ఇప్పుడు కొత్త క్రియ కనబడితే డూడెన్ నిఘంటువు తీస్తాను. నొక్కి పలికే అచ్చు కింద, పొట్టిదైతే చుక్క, పొడుగుదైతే గీత ఉంటుంది. అర్థం తర్వాత, ముందు అది చూస్తాను.