షార్ట్ ఫిల్మ్ చివర పేర్లు: కార్డులా, రోలింగా?

దేవరకొండ దగ్గర తీసిన ఒక షార్ట్ ఫిల్మ్‌కు 40 మంది పనిచేశారనుకుందాం. అందులో ఒగ్గుకథ బృందం, ఊర్లోనే వంట చేసిన వాళ్లు, జనరేటర్ నడిపినాయన కూడా ఉన్నారు.

కార్డుకు 8 పేర్ల చొప్పున 5 కార్డులు, ఒక్కోటి 4 సెకన్లు పెడితే 20 సెకన్లలో అయిపోతుంది. అక్షరాలు కదలవు కాబట్టి ఫోన్‌లో కూడా చక్కగా చదవొచ్చు. చిక్కంతా పంపకంలోనే ఉంది. దర్శకుడికి ఒక కార్డు మొత్తం ఇచ్చి, ఒగ్గుకథలో డోలు కొట్టినవాళ్లను "గ్రామస్తులకు కృతజ్ఞతలు" అని ఒక్క ముక్కలో కలిపేస్తారు. ఇది నాకు అన్యాయమే అనిపిస్తుంది. పని చేసినవాళ్లకు పని పేరుతోనే చోటివ్వాలి. కృతజ్ఞతలు ఇల్లు ఇచ్చినవాళ్లకు, అనుమతి ఇచ్చినవాళ్లకు.

పేర్లు కింది నుంచి పైకి కదిలే రోలింగ్‌లో ఈ తేడా ఉండదు. 1080 పిక్సెళ్ల ఎత్తున్న తెరపై, సెకనుకు 24 ఫ్రేముల్లో, ఫ్రేముకు 3 పిక్సెళ్లు జరిపితే ప్రతి పేరూ సుమారు 15 సెకన్లు కనిపిస్తుంది. శాఖల పేర్లు, ఖాళీలు కలిపి 60 వరుసలు, వరుసకు 60 పిక్సెళ్లు అయితే, మొదటి వరుస కింద కనిపించినప్పటి నుంచి చివరిది పైన మాయమయ్యేదాకా మొత్తం 65 సెకన్లు. నిడివి తగ్గించాలని వేగాన్ని 3.4కు పెంచితే అక్షరాలు వణుకుతాయి. పూర్ణ సంఖ్యే వాడాలి.

నేనైతే రోలింగే పెడతాను. నటులను తెరపై కనిపించిన క్రమంలో, ఒకే శాఖలో సమానంగా పనిచేసినవాళ్లను అక్షర క్రమంలో రాస్తాను. ఇంటిపేరు మీదా, అసలు పేరు మీదా అన్నది ముందే తేల్చుకొని అందరికీ అదే పాటించాలి. జాబితాను ఎడిటింగ్‌కు ముందే ప్రతి ఒక్కరికీ చూపించి, పేరు ఎలా రాయాలో వాళ్లతోనే చెప్పించుకోవాలి.