వాన చారలు: నాయిస్‌తో గీయడమా, నిజమైన వానను అతికించడమా?

కోనసీమలో కాలువ గట్టుపై గొడుగు పట్టుకొని నిలబడిన రైతు ఫోటోకు ఫోటోషాప్‌లో వాన చేర్చాలనుకుందాం.

రాత్రి వీధి దీపం వెలుగులో తీసిన వాన చిత్రాన్ని స్క్రీన్ మోడ్‌లో పైన పరిస్తే నలుపు మాయమై చినుకులే మిగులుతాయి. వాటి హెచ్చుతగ్గులు ఎంతో సహజంగా ఉంటాయి, కానీ వాటి పొడవు ఆ ఫోటో షట్టర్ వేగానికి చెందినది.

నల్లని పొరపై నాయిస్ చల్లి, లెవెల్స్‌తో చుక్కలను పలుచన చేసి, మోషన్ బ్లర్ ఇచ్చి, దాన్నీ స్క్రీన్ మోడ్‌లో పరిస్తే పొడవూ వాలూ మన చేతిలో ఉంటాయి. పెద్ద చినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో పడుతుంది కనుక, 1/125 సెకనుతో తీసిన ఫోటోలో రైతు ఉన్న దూరాన చార 7 సెంటీమీటర్లు, అంటే దాదాపు అతని అరచేయి వెడల్పు ఉండాలి. అంతకు బాగా మించితే అబద్ధం తెలిసిపోతుంది. అందుకే ఈ ఫోటోకు నేను నాయిస్ పద్ధతినే ఎంచుకుంటాను: రైతు వెనుక సన్నని, మసక చారల పొర ఒకటి, ముందు పెద్దవైన కొద్దిపాటి చారల పొర మరొకటి వేసి, గొడుగు కింద మాస్క్‌తో చెరిపేస్తాను. కొబ్బరితోట నీడపై చారలను నిలిపి, తెల్లని ఆకాశంపై దాదాపు కనబడకుండా తగ్గించాలి.

అయితే గట్టు గుంటల్లో ఎగిసే నీటి తుంపర్లను నాయిస్ ఇవ్వలేదు. వాటికి నల్లని నేపథ్యం ముందు, అదే ఎత్తు నుంచి తీసిన నిజమైన తుంపర్ల ఫోటోయే కావాలి.