జాగ్రత్త: వీడియో టైటిళ్లు ఐదు భాషల్లోకి మార్చి ఇస్తామనేవాళ్లకు డబ్బు కట్టే ముందు చూసుకోండి

మాది శ్రీకాకుళం జిల్లా, పొందూరు పక్క ఊరు. నేతగాళ్ల దగ్గర ఖద్దరు పంచెలు, చీరలు, కుర్తా బట్ట తీసుకుని అమ్ముతాను. యూట్యూబ్‌లో ఆ పని చూపిస్తూ చిన్న చిన్న వీడియోలు పెడతాను. సరిహద్దు దాటితే బరంపురం కాబట్టి ఒడియా వాళ్లు కూడా కొంటారు. టైటిల్, డిస్క్రిప్షన్ వాళ్ల భాషలో కనిపిస్తే బాగుంటుందనిపించి, ఆన్‌లైన్‌లో దొరికిన ఒకాయనకు పని అప్పజెప్పాను. పేరు రాయను. 25 వీడియోలు, హిందీ, తమిళం, ఒడియా, బెంగాలీ, ఇంగ్లిష్, ఒక్కో వీడియోకి ఒక్కో భాషకి 60 రూపాయలు. మొత్తం 7,500, సగం ముందే కట్టాను.

నాలుగు రోజుల్లో అయిపోయిందన్నాడు. యూట్యూబ్ స్టూడియోలో చూస్తే అన్ని భాషలూ నిండి ఉన్నాయి. నాకు హిందీ అంతంతమాత్రం, మిగతా లిపులు బొమ్మల్లా కనిపిస్తాయి. మిగిలిన సగం కూడా పంపేశాను. నా తప్పు అక్కడే.

నెల తర్వాత బరంపురం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. కుర్తా కుట్టించి, ఉతికితే పొట్టయిపోయిందట. డిస్క్రిప్షన్‌లో స్పష్టంగా రాశాం కదండీ అంటే, మీరు అలా రాయలేదే అన్నాడు. ఇచ్ఛాపురంలో మా బావకి ఒడియా చదవడం వచ్చు. లింకు పంపాను. పది నిమిషాల్లో ఫోన్. "ఏటి బావా ఇది, ఎవడు రాశాడు?" అని నవ్వుతున్నాడు.

నేను తెలుగులో రాసింది ఇది: "కుట్టించే ముందు తప్పకుండా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి, బట్ట కొద్దిగా కుంచించుకుంటుంది." ఒడియాలో ఉన్నదాన్ని బావ చదివి చెప్పింది ఇది: "కావాలంటే కుట్టించే ముందు ఉతుక్కోవచ్చు, బట్ట మెత్తబడుతుంది." "తప్పకుండా" కాస్తా "కావాలంటే" అయింది. కుంచించుకోవడం మాయమైపోయింది. బరంపురం ఆయనకు వేరే బట్ట పంపాను, నష్టం నాదే.

అప్పుడు మిగతావి కూడా ఒక్కొక్కటీ తెలిసినవాళ్లకు చూపించాను. అసలు గమ్మత్తు టైటిళ్లలో ఉంది. వడికే వీడియోకి నా టైటిల్ "పట్టు కూడా దీని ముందు దిగదుడుపే! పొందూరు వంద కౌంటు నూలు". హిందీలో దిగదుడుపును ముక్కలు చేసి, దిగడం, తుడవడం అని పెట్టేశాడు. పట్టును దీని ముందు దింపి తుడవాలన్నట్టు తయారైంది. హిందీ మాట్లాడేవాడు "రేషమ్ భీ ఇస్‌కే ఆగే ఫీకా" అంటాడు, అంటే పట్టు కూడా వెలవెలబోతుందని. ఇలాంటి చోట మాటకు మాట పెట్టకూడదు, ఆ భాషలో అదే పని చేసే మాట వెతకాలి. కౌంటు కథ ఇంకొకటి. అది నూలు సన్నదనం చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం. హిందీలో దాన్ని "సౌ గిన్‌తీ" అన్నాడు, అంటే వందసార్లు లెక్కపెట్టినట్టు. బట్టల పనిలో ఉన్న హిందీ వాళ్లూ, తమిళ వాళ్లూ కౌంట్ అనే అంటారు. అలాగే వదిలేస్తే సరిపోయేది.

ఇంకోటి తమిళంలో. మా దగ్గర పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు, ఆ సన్నటి పళ్లే దువ్వెన. ఆ చేపను తమిళంలో వాళై అంటారు. అరటినీ దాదాపు అలాగే పలుకుతారు, కానీ ళకారం వేరే అక్షరం. ఆ ఒక్క అక్షరం మారి నా టైటిల్ "అరటి దవడతో పత్తి దువ్వడం" అయింది. కోయంబత్తూరు ఆవిడ ఒకరు కింద నవ్వు బొమ్మలు పెడితే, వీడియో నచ్చిందనుకుని ధన్యవాదాలు కూడా చెప్పాను! బెంగాలీలో ఆ చేప బోయాల్. ఇలాంటి పేర్లు డిక్షనరీ చూసి పెట్టేవి కావు, ఆ భాష మాట్లాడేవాళ్లను అడిగి పెట్టేవి. ఊరి పేరైతే అనువాదమే లేదు, పొందూరును ఏ లిపిలోనైనా పలికినట్టే రాయాలి.

మొత్తం చూస్తే ఆయన పని తలకిందులుగా చేశాడు. నుడికారాన్ని మక్కీకి మక్కీ దించాడు, మక్కీకి మక్కీ ఉండాల్సిన వాక్యాలను ఇష్టమొచ్చినట్టు మెత్తబరిచాడు. ఎన్ని మీటర్లు, రంగు వేసిందా లేదా, ఎలా ఉతకాలి, వాపసు ఎన్ని రోజుల్లోపు, పోస్టు ఖర్చు ఎవరిది, ఈ వాక్యాల్లో అర్థం ఇటుది అటు కాకూడదు. అందంగా ఉండకపోయినా పర్లేదు. ముఖ్యంగా "కాదు", "లేదు", "తప్పకుండా" అన్నచోట్ల.

డిస్క్రిప్షన్‌లో టైములు కూడా పాడుచేశాడు. నేను 00:00, 02:15, 04:40 అని రాస్తే హిందీలో "2 మినట్ 15 సెకండ్" అని విడమరిచి పెట్టాడు. అలా రాస్తే నొక్కితే ఆ చోటికి వెళ్లదు. అంకెలు, లింకులు అసలు ముట్టుకోకూడదు. హ్యాష్‌ట్యాగ్ మధ్యలో ఖాళీ వదిలితే మొదటి మాటే ట్యాగ్ అవుతుంది, నావి చాలా అలాగే ఉన్నాయి. టైటిల్ 100 క్యారెక్టర్లు దాటకూడదు కాబట్టి రెండు తమిళ టైటిళ్లను మాట మధ్యలో తెంపేశాడు కూడా. ఈ 100 మన కంటికి కనిపించే అక్షరాలు కావు, ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్క. "స్త్రీ" ఒక్కటే ఆరు. అందుకే టైటిల్ ముందే చిన్నగా రాసుకోవాలి.

నేను ముందే చేయాల్సింది ఒకటుంది. ఒక్క వీడియోకి, ఒక్క భాషలో చేయించి, చదివించి, తర్వాత మిగతావి ఇవ్వడం. ఆ ఒక్కటీ నుడికారం, చేప పేరు, ఉతికే సూచన, టైములు అన్నీ ఉన్న వీడియో అయి ఉండాలి. అది రాసినవాడికి కాకుండా వేరేవాళ్లకు ఇచ్చి, తెలుగులో ఏం అర్థమైందో చెప్పమనాలి.

ఎలా కనిపిస్తుందో మీరే చూసుకోవచ్చు. స్టూడియోలో `Subtitles`కి వెళ్తే (కొందరికి ఇప్పుడు `Languages` అని వస్తుంది) భాష పక్కన `Title & description` ఉంటుంది. బయట నుంచి చూడాలంటే యూట్యూబ్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి భాషను ఒడియాకో తమిళానికో మార్చి వీడియో తెరవండి. దీన్ని బట్టే ఇంకో సంగతి తెలిసింది. చూసేవాళ్లు యూట్యూబ్‌ను ఏ భాషలో పెట్టుకున్నారో దాన్ని బట్టే మన అనువాదం కనిపిస్తుంది. బరంపురం మనిషి ఫోన్ ఇంగ్లిష్‌లో ఉంటే ఆయనకు ఇంగ్లిష్ టైటిలే వస్తుంది. అసలు భాష తెలుగు అని సెట్ చేశారో లేదో కూడా చూడండి, నాది ఇంగ్లిష్ అని ఉంది. ఇక ఐదు భాషలూ అవసరమా అంటే, మీ అనలిటిక్స్‌లో ఎక్కడివాళ్లు చూస్తున్నారో తెరిచి చూసుకోండి. నాకు బెంగాల్ నుంచి చూసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత. 25 టైటిళ్లు, 1,500 రూపాయలు గంగలో పోశాను.

పాస్‌వర్డ్ అడిగాడు, ఇవ్వలేదు, అదొక్కటే తెలివైన పని. సెట్టింగ్స్‌లో `Permissions`కి వెళ్లి ఎడిటర్‌గా చేర్చాను, గొడవయ్యాక తీసేశాను. డబ్బు వాపసు అడిగితే "భాష ఎవరికి వాళ్లకు వేరేగా అనిపిస్తుంది సార్" అని జవాబు. ప్రస్తుతానికి ఒడియా, హిందీ మాత్రం ఉంచి మిగతావి తీసేశాను. ఒడియా మా బావ మళ్లీ రాస్తున్నాడు, మామిడి తాండ్ర పంపిస్తే చాలన్నాడు. ఎనిమిది వీడియోలు అయ్యాయి.