అమ్మమ్మ తాతయ్యల పెళ్లి ఫోటోకి ఆయిల్ పెయింటింగ్: ఏడాది దాటాక నా రివ్యూ

పెయింటింగ్ బాగా వచ్చిందంటే సగం క్రెడిట్ ఫోటోతో పాటు నేను స్టూడియోకి రాసిన ఉత్తరానిదే అంటాను. ఆర్డర్ ఫారంలో సైజు, అడ్రస్ తప్ప ఏమీ అడగరు కదా, అందుకే ఇలా రాసి పెట్టా:

"సార్, ఫోటో అద్దానికి అంటుకుపోయింది, దయచేసి ఊడదీయొద్దు, లాగితే మొహాలు అద్దంతోనే వచ్చేస్తాయి. రెండు పక్కల నుంచి ఏటవాలుగా లైట్లు పెట్టి అద్దం మీదుగానే ఫోటో తీసుకోండి. కట్టుకున్నవి మధుపర్కాలు, తెల్లబట్టకి ఎర్రంచు, పట్టుచీర వేయొద్దు. తాతయ్య నలుపు, తెల్లగా చేయొద్దు. అమ్మమ్మ ఎడమ చెంప పూర్తిగా వెలిసిపోయింది, ఆ వయసుకి దగ్గరగా ఉన్న ఇంకో ఫోటో పెడుతున్నా. రంగు ముట్టుకునే ముందు పెన్సిల్ స్కెచ్ చూపించండి, అమ్మమ్మకి చూపించాలి."

ఆ చివరి లైనే కాపాడింది. స్కెచ్ వాట్సాప్‌లో వచ్చింది, కళ్లు పెద్దవి చేసి, పెదాల మీద చిన్న నవ్వు కూడా పెట్టారు, చక్కగా ఉంది. అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి "ఇదెవర్రా? నేనెక్కడ నవ్వాను, హోమం పొగకి కళ్లు మండి చస్తుంటే" అంది. అదే మాట వాళ్లకి పంపిస్తే రబ్బరుతో చెరిపి, కళ్లు కాస్త చికిలించినట్టు మళ్లీ గీశారు, అంతే, అమ్మమ్మ వచ్చేసింది. అదే ఆయిల్ వేశాక చెప్పుంటే ఆరేదాకా ఆగి మళ్లీ మొహం మీద మొహం వేయాల్సొచ్చేది.

ఇంకో విషయం నేను అడక్కుండానే చేశారు. పసుపెక్కిపోయిన బ్లాక్ అండ్ వైట్ ఫోటోని కంప్యూటర్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలుగా విడదీసి నీలం పొర ఒక్కటే చూశారట, పసుపుగా మిగిలిన గీతలు అందులో నల్లగా కనబడతాయంట. మాకు ఉత్త మరకలా కనిపించిన చోట బాసికం అంచు బయటపడింది! మా ఇంట్లో ఎవరికీ తెలీదు అది అక్కడుందని.

ఇక మొదట్లో అందరికీ తెగ పొగిడి చెప్పా గానీ ఇప్పుడు అంత కాదు. తాతయ్య చేతులు ఫోటోలో మసక, వాళ్లు సొంతంగా వేసేశారు, నాగలి పట్టిన చేతుల్లా లేవు, బ్యాంకు ఉద్యోగివిలా ఉన్నాయి. ఉత్తరంలో చేతుల గురించి నేను రాయలేదు, వాళ్లూ అడగలేదు. వెనక ముదురు రంగు తెర కొన్నిచోట్ల కాంతి పోయి మచ్చల్లా కనిపిస్తోంది. ఆయిల్ లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది, ఆర్నెల్ల తర్వాత వార్నిష్ వేస్తే ఆ మచ్చలు పోతాయన్నారు, తీరా ఫోన్ చేస్తే "తీసుకురండి" అంటారు, బస్సులో అంత ఫ్రేము ఎలా తీసుకెళ్లాలి?

మాకైతే పక్కన కూర్చుని తప్పు పట్టడానికి అమ్మమ్మ ఉంది కాబట్టి పెట్టిన డబ్బు దండగ అనిపించలేదు. గుర్తుపట్టే మనిషి లేక, మొహం కూడా వెలిసిపోయి ఉంటే మాత్రం, నేనైతే మంచి స్కాన్ తీయించి ప్రింటుతో సరిపెట్టుకుంటానేమో.